సన్నబడ్డ ఇనుము, పలచబడ్డ రంగు

మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు పోయినా, హాలియా వైపు పోయినా రోడ్డుకు రెండు పక్కలా షెడ్లే. రైస్ మిల్లు, ధాన్యం గోదాము, పత్తి జిన్నింగు, సిమెంటు బస్తాల గోదాము. పోయినసారి అటు వెళ్లినప్పుడు వరి మడి ఉన్నచోట ఈసారి నీలం రేకులు తళతళలాడుతుంటాయి. మా రోజుల్లో ఒక మిల్లు షెడ్డు లేవాలంటే ఒక వేసవిలో మొదలుపెట్టి మరో వేసవిలో ముగించేవాళ్లం. ఇప్పుడు లారీల మీద ముక్కలు దిగుతాయి, క్రేను వస్తుంది, బోల్టులు బిగిస్తారు, నెల తిరిగేసరికి కొబ్బరికాయ కొడతారు. అంత తొందర ఎందుకని అడిగితే బ్యాంకు వడ్డీ లెక్క చెబుతారు. సరే, వడ్డీ నిజమే. తుప్పు కూడా వడ్డీయే, దాని లెక్క మాత్రం ఎవరూ కట్టరు.

నా కోపం కొత్త షెడ్ల మీద కాదు. ఇనుము మారిపోయినా రంగు డబ్బా మారలేదు, అదీ నా బాధ.

మా కాలంలో షెడ్డుకు ఐ బీములు వాడేవాళ్లం. ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసిన దిమ్మలవి. మామూలుగా వాడే 300 మిల్లీమీటర్ల బీము మీటరుకు 44 కిలోలు తూగేది. నడిమి రేకు, అంటే వెబ్బు, ఏడున్నర మిల్లీమీటర్లు. ఇప్పటి ప్రీ-ఇంజినీర్డ్ షెడ్డులో రోలింగు బీము కనబడదు. ప్లేట్లు కోసి, మిషను మీద వెల్డింగు చేసి, అవసరమైనచోట వెడల్పుగా, అక్కర్లేనిచోట సన్నగా చేసి తెస్తారు. మా మేనల్లుడు కొండమల్లేపల్లి దగ్గర జిన్నింగు మిల్లు కడుతూ డ్రాయింగు తెచ్చి చూపించాడు. ఒక స్తంభం కొలతలు: లోతు 500 మిల్లీమీటర్లు, రెండు ఫ్లాంజీలు 200 వెడల్పు, 8 మందం, వెబ్బు 5 మందం. కాగితం మీద లెక్క వేసి చూస్తే ఇదీ మీటరుకు 44 కిలోలే. పాత బీము ఎంత ఇనుమో ఇదీ అంతే ఇనుము. లోతు పెరిగింది కాబట్టి వంగకుండా నిలిచే శక్తి పాతదానికన్నా ఎక్కువ. ఆ ఇంజినీరు తెలివిని నేను కాదనను.

అయితే అదే ఇనుమును పలచగా పరిచారు. పాత బీము చుట్టూ టేపు పెట్టి మలుపులన్నీ కలిపి కొలిస్తే మీటరూ పదిహేను సెంటీమీటర్లు వస్తుంది. ఈ కొత్తదానికి మీటరూ డెబ్బై తొమ్మిది. గాలి, తేమ, మంట తాకే ఒళ్లు సగానికి పైగా పెరిగింది, లోపలి కండ మాత్రం పెరగలేదు. రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు తుప్పు తినేసిందనుకోండి. పాత వెబ్బు ఏడున్నర నుంచి ఐదున్నరకు దిగుతుంది, ఇంకా నిలబడుతుంది. కొత్తది ఐదు నుంచి మూడుకు దిగుతుంది. మా రోజుల్లో రంగు పనిలో చేసిన అశ్రద్ధనంతా ఇనుము మందం కడుపులో పెట్టుకునేది. ఇప్పుడు కడుపులో పెట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక ఆనాటి రంగు సంగతి. మిల్లు నుంచి వచ్చిన కొత్త ఇనుము మీద నీలినలుపు పొర ఒకటి ఉంటుంది. చూడటానికి నున్నగా, గట్టిగా ఉంటుంది, దాని మీద రంగు కూడా బాగానే పడుతుంది. అదే మోసం. ఎండకు ఇనుము సాగి, రాత్రికి కుంచించుకుపోయే కొద్దీ ఆ పొర పగిలి పెచ్చులుగా లేస్తుంది. లేచేటప్పుడు తన మీది రంగునూ వెంట తీసుకుపోతుంది. నాగార్జునసాగర్ గేట్ల దగ్గర పనిచేసి వచ్చిన ఒక పాలమూరు మేస్త్రీ మాకు ఈ విద్య నేర్పాడు. ఇనుమును వర్షాకాలమంతా బయట పడేయించేవాడు. తేమ ఆ పొర కిందికి దూరి దాన్ని వదులు చేస్తుంది. తర్వాత సుత్తితో, గీకుడు పారతో, వైరు బ్రష్షుతో రాల్చేవాళ్లం. ఆ పైన అవిసె నూనెలో కలిపిన రెడ్ లెడ్, అంటే సీసం సింధూరం. ఆ రంగు ఆరడానికి రోజులు పట్టేది. పట్టుకుంటే మాత్రం వదిలేది కాదు. బ్రష్షుకు అందని సందుల్లో కాస్త తుప్పు మిగిలినా నూనె అందులోకి ఇంకి, సీసంతో కలిసి దాన్ని కట్టిపడేసేది.

మళ్లీ ఆ రెడ్ లెడ్ కావాలని నేను అడగను. దాన్ని గీకిన పెయింటర్లు కడుపునొప్పితో మెలికలు తిరగడం చూసినవాణ్ని. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. మంచిదే. సీసం పోయింది, ఎరుపు మాత్రం మిగిలింది. చిక్కు అక్కడే మొదలైంది. ఇప్పుడు షాపులో దొరికే రెడ్ ఆక్సైడు ప్రైమరులో ఆ ఎరుపు మామూలు ఇనుప ఆక్సైడుది. అది గాలిని, తేమను కొంత అడ్డుకుంటుంది, అంతే. తుప్పును నిలువరించే మందు వేరు. ఒకప్పుడు దానికి జింక్ క్రోమేటు కలిపేవాళ్లు, అదీ ఆరోగ్యానికి చేటేనని ఇప్పుడు జింక్ ఫాస్ఫేటు వాడుతున్నారు. చవక డబ్బాలో ఆ మందు ఎంత ఉందో కంటికి తెలియదు. ఎర్రగా కనబడితే చాలు, యజమాని తృప్తిగా తలూపుతాడు.

మావాడి సైటుకు వెళ్లేసరికి స్తంభాలు నల్లరేగడి మీద చెక్కల ఆనుతో పడుకోబెట్టి ఉన్నాయి. వర్షాల వల్ల పునాది ఆలస్యమైందట. దూరం నుంచి చూస్తే కొత్త సింధూరంలా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే ఫ్లాంజీ అంచుల పొడవునా సన్నటి తుప్పు గీత. వెబ్బు మధ్యలో సూదిమొన అంత ఎర్రచుక్కలు, వందలకొద్దీ. వెల్డింగు పక్కన చాకు మొనతో గీస్తే చిట్లిన ముత్యాల్లాంటి లోహపు బొట్లు రాలాయి, వాటి వెనకాలే రంగు కూడా.

“మామా, ఫ్యాక్టరీలనే షాట్ బ్లాస్టింగు చేసి ప్రైమరు కొట్టిన్రు గదా. ఇంకేం గావాలె?” అన్నాడు.

బ్లాస్టింగు చేసిన మాట నిజం. ఉక్కు గుండ్లను వేగంగా కొట్టి ఆ నల్లపొరను పూర్తిగా రాల్చడం మా గీకుడు పార కన్నా వెయ్యి రెట్లు మేలైన పద్ధతి. ఇనుము మీద సన్నటి గరుకు కూడా వస్తుంది, రంగు పట్టుకోవడానికి అదే ఆధారం. ఆ గరుకు లోతు మామూలుగా 40 నుంచి 75 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వీళ్లు వేసిన ప్రైమరు మందమెంతని కాగితాలు తిరగేస్తే, 35 మైక్రాన్లు, ఒక కోటు. 50 మైక్రాన్ల గుట్టల మీద 35 మైక్రాన్ల రంగు పోస్తే లోయలు నిండుతాయి, శిఖరాలు బోడిగా మిగులుతాయి. ఆ ఎర్రచుక్కలు అవే. అంచుల గీత కూడా ఇలాంటిదే. తడి రంగు పదునైన అంచు మీద నిలవక పక్కలకు జారుతుంది. అందుకే తెలిసిన పెయింటరు ముందు అంచులకు, వెల్డింగులకు, బోల్టు రంధ్రాలకు బ్రష్షుతో ఒక చార కొట్టి, ఆ తర్వాతే మొత్తం మీద స్ప్రే పడతాడు.

ఆ 35 మైక్రాన్ల కోటు గురించి ఫ్యాక్టరీవాళ్లు అబద్ధం కూడా చెప్పలేదు. ఈ రకం షెడ్లకు పుట్టిల్లయిన అమెరికాలో తయారీదారుల సంఘమే రాసిపెట్టింది, షాపులో వేసే ప్రైమరు నిలబెట్టేదాకా కొద్దికాలం కాపాడటానికే, అసలు రక్షణ దాని మీద వేసే కోట్లదే అని. మనవాళ్లు ఆ తాత్కాలిక కోటునే శాశ్వతం చేసుకున్నారు. పైన ఒక మెరిసే ఎనామెల్ పూస్తే పెళ్లికి సిద్ధం. మన మెట్టప్రాంతపు పొడిగాలికి కూడా, కొన్నేళ్లు నమ్మకంగా నిలవాలంటే అంతా కలిపి 120 నుంచి 160 మైక్రాన్లు ఎండిన మందం ఉండాలి. ఉప్పుడు బియ్యం వండే మిల్లులో ఆవిరి రాత్రింబగళ్లు రేకుల కింద చెమటలా పేరుకుంటుంది, అక్కడ ఇంకా ఎక్కువ. మందం కొలిచే అయస్కాంతపు మీటరు అరచేతిలో పడుతుంది. ఒక్కో స్తంభానికి అంచు దగ్గర, మధ్యలో, అడుగున పెట్టి చూస్తే కాంట్రాక్టరు మనసు తెలిసిపోతుంది.

అడుగు అన్నాను కాబట్టి ఒక మాట. మా రోజుల్లో స్తంభం కింద నేలకన్నా జానెడు ఎత్తులో కాంక్రీటు దిమ్మ కట్టి, దాని నెత్తిన ప్లేటు బిగించేవాళ్లం. ఇప్పుడు ట్రాలీలకు అడ్డమని ప్లేటును నేల మట్టానికి దించి, చుట్టూ ఫ్లోరింగు పోస్తున్నారు. కడిగిన నీళ్లు, దూది పొట్టు, మట్టి అన్నీ ఆ మూలకే చేరి తడిగా కూర్చుంటాయి. షెడ్డు పైనంతా కొత్తగా ఉండగానే పాదాన్ని తుప్పు తినేసి ఉంటుంది. పెద్ద నిర్మాణాలైనా ఇంతే, దెబ్బ మొదలయ్యేది తడి నిలిచే చిన్నచోటే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. రాజోలిబండ కాలువ కింద ఉన్న మా అలంపూర్, గద్వాల రైతులు ఆ వారమంతా ఎలా గడిపారో వాళ్లనే అడగండి. తెగింది అంత పెద్ద గేటు రేకు కాదు, గొలుసులో లంకె.

గాల్వనైజింగు విషయంలో మాత్రం పాతవాళ్ల పనికి చెయ్యెత్తి దండం పెడతాను. సాగర్ నుంచి హైదరాబాదు వైపు పొలాల మీదుగా పోయే కరెంటు టవర్లు చూడండి. వాటికి ఎవరూ రంగు కొట్టరు, ఎవరూ ఎక్కి గీకరు. ఆ కోణాలను గుంతల్లో ముంచారు: ముందు జిడ్డు పోవడానికి క్షారంలో, తర్వాత తుప్పూ నల్లపొరా పోవడానికి యాసిడ్‌లో, ఆపైన ఫ్లక్సులో, చివరికి సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో. జింకు అక్కడ పూతలా పైన కూర్చోదు, ఇనుముతో కలిసి పొరలు పొరలుగా మిశ్రమమై అతుక్కుంటుంది. గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాస్తుంది, ఏ రంగూ ఆ పని చేయదు. 5 మిల్లీమీటర్లు, ఆపైన మందమున్న ఇనుముకు మన ప్రమాణం చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు. మందంలో చెప్పాలంటే 85 మైక్రాన్ల పైమాటే. మా మెట్ట వాతావరణంలో ఏడాదికి ఒక మైక్రాను పోయిందనుకున్నా మనవళ్ల కాలం దాకా ఢోకా లేదు.

ఇప్పుడు షాపులో అడగండి, పర్లిన్లు గాల్వనైజుడే అంటారు, పైకప్పు రేకు గాల్వనైజుడే అంటారు. రెండూ వెండిలా మెరుస్తాయి. ఎంత జింకు అని అడిగేవాడే లేడు. రేకు మీద 120 అని రాసి ఉంటే అది రెండు వైపులా కలిపిన గ్రాములు. ఒక్కో వైపు 60 గ్రాములు, అంటే ఎనిమిదిన్నర మైక్రాన్లు. టవరు మీది జింకులో పదో వంతు. అదే లెక్కన ఏడాదికి మైక్రాను చొప్పున తీసేయండి, ఎన్నేళ్లో మీకే తెలుస్తుంది. 275 రాసి ఉన్న రేకు కొంటే ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్లు వస్తాయి. ఆ అంకె అడగడానికి నోరు రాక, పదేళ్లకే రేకులు మార్చే మిల్లులు మా జిల్లాలో బోలెడు.

జింకుకు కూడా హద్దుంది. యాసిడ్ ఆవిరి దాన్ని నమిలేస్తుంది. చౌటుప్పల్ వైపు మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన వెల్డర్లను అడిగితే, తళతళలాడే నిచ్చెనలు తెల్లబడి, ఆ తర్వాత ఎర్రబడటం ఎంత త్వరగా జరుగుతుందో చెబుతారు. అక్కడ జింకు మీద మళ్లీ ఎపాక్సీ పూయాలి. ఇంకోటి, గాల్వనైజు చేసినదాన్ని సైటులో వెల్డింగు చేస్తే అక్కడి జింకు తెల్లటి పొగై పోతుంది. ఆ పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం. పాలు తాగితే తగ్గుతుందని మా వాళ్లంతా లీటర్లకు లీటర్లు తాగేవాళ్లు. పాల సంగతి దేవుడెరుగు, కాలిన చోటును గీకి జింకు ఎక్కువుండే పెయింటు మందంగా వేసినవాడు మాత్రం నాకు అరుదుగా కనబడ్డాడు.

ఇక మంట. ఇక్కడే మావాడికీ నాకూ పెద్ద వాదం పడింది. జిన్నింగు మిల్లంటే దూది. యంత్రంలో చిన్న రాయి తగిలి నిప్పురవ్వ లేచినా చాలు. బేళ్ల లోపల గంటల తరబడి రగిలి, ఆర్పేశామని ఇంటికి పోయాక మళ్లీ లేస్తుంది. “ఇనుము కాలుతదా మామా? కట్టె గాదు గదా,” అంటాడు. కాలదు, కరగదు కూడా, కరగడానికి 1,500 డిగ్రీలు కావాలి. కూలడానికి అంత వేడి అక్కర్లేదు. 550 డిగ్రీల దగ్గరే ఉక్కు బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. పరీక్షల కోసం ప్రపంచమంతా వాడే ప్రామాణిక మంటలో ఐదు నిమిషాలకే కొలిమి వేడి 576 డిగ్రీలు, అరగంటకు 842, గంటకు 945. ఏ రక్షణా లేని మామూలు బీము పావుగంట అటూఇటూగా చేతులెత్తేస్తుంది. మా పాత టేకు దూలాలు నిమిషానికి అర మిల్లీమీటరు పైచిలుకు బొగ్గవుతూ, లోపల నిలబడి, మనుషులు బయటపడేదాకా మోసేవి. ఇది చెబితే నవ్వుతారు.

మంటకు తాకే ఒళ్లెంత, లోపల ఉన్న ఇనుమెంత అన్న నిష్పత్తే ఇక్కడ మొత్తం కథ. ఇందాకటి రెండు ముక్కలే తీసుకుందాం. రెండూ మీటర్ల లెక్కలో తీసుకుని చుట్టుకొలతను కోత వైశాల్యంతో భాగిస్తే పాత బీముకు 203 వస్తుంది, కొత్త స్తంభానికి 318. ఈ అంకె ఎంత పెద్దదైతే ఇనుము అంత త్వరగా వేడెక్కుతుంది. బరువు ఒకటే, ధర దాదాపు ఒకటే, మంటలో మాత్రం ఒకటి కాదు.

దీనికి కొత్తకాలం చేసిన మందే ఇంట్యుమెసెంట్ పెయింటు. చూడటానికి మామూలు తెల్ల రంగు. 200 డిగ్రీలు దాటాక అందులోని ఫాస్ఫేటు ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న ఇంకో పదార్థాన్ని బొగ్గుగా మారుస్తుంది, మెలమిన్ నుంచి వచ్చే వాయువు ఆ మెత్తటి బొగ్గును జొన్న పేలాల్లా పొంగిస్తుంది. మిల్లీమీటరు పూత కొన్ని సెంటీమీటర్ల నురుగు బొగ్గవుతుంది. ఆ బొగ్గు వెనక ఇనుము ఆలస్యంగా వేడెక్కుతుంది, అంతే. ఆరిపోయే మంట కాదు, కొనుక్కున్న సమయం. మా రోజుల్లో ఇది లేదు, ఉంటే సంతోషంగా వాడేవాళ్లం.

అమ్మేవాడు వచ్చి చిన్న రేకు ముక్క మీద పూసి, బ్లో ల్యాంపు పెట్టి పొంగించి చూపిస్తాడు. యజమాని చప్పట్లు కొడతాడు. అది పొంగుతుందని తెలిసింది గానీ, మీ స్తంభం గంట నిలుస్తుందని తెలియలేదు. దానికి కంపెనీ పరీక్ష చేయించిన పట్టిక చూడాలి. నిష్పత్తి ఒక వైపు, నిమిషాలు ఇంకో వైపు, కలిసేచోట మందం. 203కు ఒక మందం, 318కి దానికన్నా చాలా ఎక్కువ. కొన్ని పట్టికల్లో అంత సన్నటి ఇనుముకు రెండు గంటల గడి ఖాళీగానే ఉంటుంది. అంటే ఆ రంగుతో అది కుదరదని. ఆ ఖాళీ గడి చూసి, ప్లేటు మందం పెంచితే పెయింటు ఖర్చు తగ్గి మొత్తం మీద చవకవుతుందని డిజైను దశలోనే లెక్క వేసేవాడు తెలివైనవాడు.

మావాడి దగ్గరకు వచ్చిన కొటేషనులో “ఫైర్ పెయింటు, రెండు కోట్లు” అని ఉంది. మైక్రాన్లు లేవు, నిమిషాలు లేవు. కింద ఏ ప్రైమరు ఉందో కూడా అడగలేదు. ఉన్నది ఆ ఎర్ర ఆల్కిడ్ ప్రైమరు. వేడికి అది మెత్తబడి జారితే పైన పొంగిన బొగ్గు మొత్తం పెచ్చులా ఊడిపడుతుంది. రెండూ జతపడతాయని పెయింటు కంపెనీ కాగితం ఇస్తే తప్ప పైన పూయకూడదు. గాల్వనైజింగు మీద పూయాలన్నా మధ్యలో ఒక అతుకు కోటు వేయాలి. నీళ్ల రకమైతే ఇంకో గొడవ. అందులోని ఫాస్ఫేటు నీటిలో కరుగుతుంది. పైకప్పు పడకముందే పూసి, వాన పడితే, తెల్లగా జిగురు కారి మందు నేలపాలు. రంగు మిగులుతుంది, పొంగే గుణం పోతుంది, కంటికి తేడా తెలియదు. పైకోటు వేయకుండా వదిలేసినా ఉప్పుడు మిల్లు ఆవిరిలో అదే గతి. అలాగని పైకోటు దిట్టంగా పూస్తే అది పొంగనివ్వదు.

చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. బేళ్ల గోదాముకు కేవలం పైకప్పు, లోపల రాత్రి మనుషులుండరు, అక్కడ ఇంట్యుమెసెంట్ వద్దు, బేళ్ల దొంతరల మధ్య దారి వదలమన్నాను. ప్రెస్సు పక్కన మేడ మీద ఆఫీసు, తూకం, శాంపిళ్ల గది ఉన్నాయి, మనుషులు కూర్చునేది అక్కడ. ఆ మేడను మోసే ఆరు స్తంభాలు, వాటి మీది బీములు మాత్రమే గంట మంటకు పూయాలి. ఆ ఆరింటికీ వెబ్బు 8, ఫ్లాంజీ 12 చేయించాను. నిష్పత్తి 318 నుంచి 207కు దిగింది, పాత బీముతో దాదాపు సమానం. ఎర్ర ప్రైమరు మొత్తం బ్లాస్టింగుతో తీసేసి, జింక్ ఫాస్ఫేటు ఎపాక్సీ వేసి, దాని మీద పట్టిక చెప్పిన మందం, ఆపైన పలచటి పైకోటు. పైకప్పు పడ్డాకే ఈ పని. మిగతా షెడ్డుకు అంచులకు చారలు కొట్టి, రెండు కోట్లు, 140 మైక్రాన్లు. స్తంభాల పాదాలకు జానెడు దిమ్మలు.

కాంట్రాక్టరు మొహం మాడ్చుకున్నాడు. మీటరు తెచ్చుకో, కలిసి కొలుద్దాం అన్నాను. మొదటి స్తంభం మధ్యలో 150 చూపించింది, ఫ్లాంజీ అంచు దగ్గర 70. ఆ అంచులన్నీ మళ్లీ కొడుతున్నారు. దిమ్మల విషయంలో మాత్రం మావాడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ట్రాలీ తగులుతుందట.